"అవకాశం కల్పించగలరని ప్రార్థన": ఈ వాక్యం ఉంచాలా, తీసేయాలా?

మాధవి: మా మామయ్య డీటీపీ సెంటర్ నడుపుతారు. తెలుగు డిజిటలీకరణ మీద జరిగే ఒక సదస్సులో మాట్లాడాలని నిర్వాహకులకు ఈ మెయిల్ రాసుకున్నారు. చివర్లో ఉన్న "ప్రార్థన" వాక్యం నాకు అప్లికేషన్‌లా అనిపిస్తోంది, ఆయనేమో అది మర్యాద అంటున్నారు. మీరేమంటారు?

> విషయం: విన్నపం
>
> గౌరవనీయులైన నిర్వాహకులకు నమస్కారములు. తెలుగు భాషాభివృద్ధికి మీరు చేస్తున్న కృషి ఎనలేనిది. నేను చిరకాలంగా డీటీపీ రంగంలో ఉన్నాను. తెలుగు భాష, సాంకేతికత, భవిష్యత్తు వంటి ఏ అంశంపైనైనా మాట్లాడగలను. నాకు ఒక అవకాశం కల్పించగలరని ప్రార్థన. వివరాలు జతపరిచిన ఫైలులో ఉన్నవి.

సూర్యం: "కల్పించగలరు" అంటే మీకు ఆ సామర్థ్యం ఉంది అని చెప్పినట్టు. అడిగేటప్పుడు "కల్పించాలని" అనాలి. అది వ్యాకరణ దోషం.

పద్మజ: సూర్యం గారూ, మూలార్థం మీరు చెప్పిందే. కానీ ఉత్తరాల్లో "గమనించగలరు", "రాగలరు" అని మర్యాదగా అడగడం ఎప్పటినుంచో ఉంది, దోషమనలేం. మాధవీ, నేను ఇలాంటి ప్రతిపాదనలు వడకట్టే పని చేశాను. అసలు చిక్కు దానికి ముందున్న వాక్యంలో ఉంది. "ఏ అంశంపైనైనా" అంటే అంశం ఎంచుకునే పని నిర్వాహకుల నెత్తిన పెట్టినట్టే. వాళ్ళకు కార్యక్రమ పట్టికలో వేసుకోవడానికి ఒక శీర్షిక కావాలి. ఇన్‌బాక్స్‌లో "విన్నపం" అని చూస్తే అది చందా కోసమో ప్రసంగం కోసమో కూడా తెలియదు. వాళ్ళ ప్రకటనలో అంశాలేమైనా ఇచ్చారా?

మాధవి: "పాత తెలుగు పుస్తకాలను వెతకడానికి వీలుగా మార్చడం" అని ఒకటుంది. ఒక్కొక్కరికి 20 నిమిషాలు.

కిరణ్: నా ప్రతిపాదన ఒకచోట తిప్పికొట్టారు. నా అనుభవమంతా సారాంశంలోనే రాశాను. తీరా చూస్తే మొదటి విడతలో పేర్లు దాచి చదువుతారట, నా వివరాలు కనిపించగానే పక్కన పెట్టేశారు. అన్నట్టు, సభలో మొదట అధ్యక్షుడికి నమస్కారం చెప్పాలా, ప్రేక్షకులకా?

పద్మజ: కిరణ్, నమస్కారం సంగతి వేదిక ఎక్కాక చూద్దాం :) పేర్లు దాచే పద్ధతి అన్నిచోట్లా ఉండదు, ప్రకటన చదివి చూసుకోవాలి. మాధవీ, ఆ జతపరిచిన ఫైలు ఏ ఫాంట్‌లో ఉంది?

మాధవి: పాత డీటీపీ ఫాంట్‌లోనే అక్కా! నా ఫోన్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలే.

పద్మజ: అయితే వాళ్ళకూ అంతే. పీడీఎఫ్ చేస్తే కంటికి బాగానే కనబడుతుంది, కానీ కాపీ చేస్తే మళ్ళీ అవే పిచ్చి అక్షరాలు. కాబట్టి అసలు విషయం మెయిల్‌లోనే, యూనికోడ్‌లో ఉండాలి. ఈ పనిలో ఆయనను రోజూ విసిగించేదేమిటో అడుగు.

మాధవి: అడిగాను. "స్త్రీ" అన్నారు! మా అత్తయ్య అదోలా చూసింది. పాత ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే చాలాచోట్ల అది "స్ర్తీ" అవుతుందట. పాత ఫాంట్‌లో ఒత్తులు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉండాలి: స, త, ర, చివర గుడిదీర్ఘం. మార్చేటప్పుడు వరుస సరిచేయకపోతే రావత్తు ముందుకొచ్చేస్తుంది. చదివేవాళ్ళు పట్టించుకోరు గానీ, "స్త్రీ" అని వెతికితే ఆ పేజీ దొరకదు.

పద్మజ: ప్రసంగం ఇదే! వాళ్ళడిగిన అంశానికి అతికినట్టుంది. దీంతోనే మెయిల్ మొదలుపెట్టమను.

మాధవి: ఇద్దరం కూర్చుని మార్చాం:

> విషయం: ప్రసంగ ప్రతిపాదన – యూనికోడ్‌లోకి మార్చిన పుస్తకాల్లో మాటలు వెతికితే ఎందుకు దొరకవు? (20 నిమిషాలు)
>
> నమస్కారం. "పాత తెలుగు పుస్తకాలను వెతకడానికి వీలుగా మార్చడం" అనే మీ అంశం కింద ఈ ప్రతిపాదన పంపుతున్నాను. పాత డీటీపీ ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తుల వరుస తారుమారవుతుంది. "స్త్రీ" కాస్తా "స్ర్తీ" అయితే పాఠకుడు చదువుకుంటాడు, సెర్చ్ మాత్రం పట్టుకోలేదు. నేను కూర్చిన పుస్తకాల్లోంచి ఇలాంటి తప్పులు చూపించి, ఫైలును వెబ్‌లో పెట్టేముందు వాటిని ఎలా ఏరాలో చెబుతాను. ప్రోగ్రామింగ్ రానివాళ్ళకూ అర్థమవుతుంది. డీటీపీ నా వృత్తి. నమూనా పేజీలు కావాలంటే పంపగలను.

పద్మజ: బాగుంది. పొగడ్త పోయింది, ఎవరూ దానికోసం వెతకరు. "డీటీపీ నా వృత్తి" ఒక్కటీ సారాంశంలోంచి విడదీసి చివర వేరే పేరాగా పెట్టండి. వాళ్ళు పేర్లు దాచి చదివితే దాన్ని తీసేయడం తేలిక.

సూర్యం: అంతా సరే, చివర ఒక్క విన్నపం మాటైనా లేకపోతే పెద్దవాళ్ళకు పొగరుగా అనిపించదా? "పరిశీలించగలరు" అని పెట్టండి.

మాధవి: మామయ్య కూడా అదే పట్టు. "పరిశీలించగలరు" దగ్గర రాజీ పడ్డాం. శీర్షికలోనే "స్త్రీ, స్ర్తీ" అని పెట్టాలని ఆయన కోరిక.

పద్మజ: వద్దమ్మా, చాలా తెరల మీద ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అచ్చుతప్పు అనుకుని ఎవరో ఒకరు దిద్దేస్తారు.

కిరణ్: దిద్దేస్తే ప్రసంగానికి ఇంకో ఉదాహరణ దొరికినట్టే కదండీ! నేనైతే పెట్టమంటాను.