బ్రీఫ్‌లో స్లయిడ్ల సంఖ్య ముందే ఖరారు చేయాలా?

కావలి హేచరీ

మాది కావలి దగ్గర రొయ్య పిల్లల హేచరీ. రైతుల సమావేశంలోనూ, ఆ తరువాత బ్యాంకులోనూ చూపించడానికి ప్రజెంటేషన్ చేయమని ఒక ఫ్రీలాన్స్ డిజైనర్‌కు బ్రీఫ్ పంపాము. చూసేవారు రైతులు, బ్యాంకు అధికారులు, స్లయిడ్లు 15, లోగో జతచేశాము, గడువు 18వ తేదీ. అంతే రాశాము. చివరికి అవి 23 అయ్యాయి. ఎక్కువైన 8 స్లయిడ్లకు ఆయన విడిగా సొమ్ము అడుగుతున్నారు, మా భాగస్వామి ఇవ్వనక్కరలేదంటున్నారు. అసలు సంఖ్య రాయడమే పొరపాటా?

నెల్లూరు ప్రెస్సు

సంఖ్య రాయవలసిందే. రాయకపోతే ఒక్కో వాక్యాన్ని ఒక్కో స్లయిడ్‌గా సాగదీసి బిల్లు పెంచేవారిని నేను చూశాను. మా ప్రెస్సులో పుస్తకం ఎన్ని ఫారాలో తేలకుండా కాగితం కొనము. మీరు 15 అన్నారు, ఆయన ఒప్పుకున్నారు, అక్కడితో ఒప్పందం ముగిసింది. మరొక మాట, లోగోను ఎప్పుడూ 300 డీపీఐలో ఇవ్వండి, లేకపోతే తెర మీద అలుక్కుపోయినట్లు కనిపిస్తుంది.

ఒంగోలు డిజైనర్

ప్రెస్సు గారూ, సంఖ్య ఉండాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు. అయితే ఫారం అంటే పదహారు పేజీలని అందరికీ తెలుసు, స్లయిడ్‌కు అలాంటి కొలత ఏదీ లేదు. హేచరీ గారికి వారి వ్యాపారంలోని మాటతోనే చెబుతాను. రొయ్యలు కిలోకు ముప్పై తూగే ముప్పై కౌంటువైనా, వంద తూగే వంద కౌంటువైనా కిలో కిలోయే, అయినా ఆ రెండింటికీ ఒకే ధర కట్టరు కదా. అలాగే ఒక ఫొటో, దాని కింద ఒక పంక్తి ఉన్నదీ స్లయిడే, చెరువులోకి నీరు వచ్చి పోయే దారిని గీసి చూపించేదీ స్లయిడే. మొదటిదానికి పావుగంట చాలు, రెండవదానికి పూట గడిచిపోవచ్చు. "15 స్లయిడ్లు" అన్నప్పుడు మీరు అనుకున్న పదిహేనూ, డిజైనర్ అనుకున్న పదిహేనూ ఒకటి కాదు.

ఆ 15 ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కువైన ఎనిమిదింటిలో ఏమేమి ఉన్నాయో చెబితే న్యాయం ఎవరి వైపు ఉందో చూడవచ్చు.

లోగో విషయం కూడా ఇక్కడే చెబుతాను. డీపీఐ కాగితం మీది లెక్క. తెర మీద పని చేసేది పిక్సెళ్ల సంఖ్య మాత్రమే. 200 పిక్సెళ్ల వెడల్పున్న లోగోకు 300 డీపీఐ అని ముద్ర వేసినా అది 200 పిక్సెళ్లదిగానే ఉంటుంది.

కావలి హేచరీ

వర్డ్‌లో మా పాఠం 15 పేజీలు వచ్చింది, అందుకని 15 అన్నాము. ఎక్కువైన వాటి వివరం ఇదీ: మేత పట్టిక ఒకటే స్లయిడ్ అనుకున్నాము, ఆయన దాన్ని మూడుగా విడగొట్టారు, కాబట్టి అక్కడ రెండు పెరిగాయి. చెరువుల ఫొటోలు మరికొన్ని పంపాము, వాటికి మూడు అయ్యాయి. బ్యాంకు కోసం అప్పు తీర్చే లెక్కలు మా భాగస్వామి 16వ తేదీన పంపారు, వాటికి మరో మూడు.

ఒంగోలు డిజైనర్

వర్డ్ పేజీని స్లయిడ్‌గా లెక్కవేయడంతోనే చిక్కు మొదలయింది. ఆ పేజీని చదువుకునేవారు చేతిలో పట్టుకుని చదువుతారు, సమావేశంలో చివరి వరుసలో కూర్చున్న రైతు దూరం నుంచి చూస్తారు. మీ మేత పట్టికలో ఎన్ని నిలువు వరుసలున్నాయో నాకు తెలియదు కానీ, పది ఉన్నాయనుకుంటే అవన్నీ ఒకే తెర మీద పట్టాలంటే అక్షరం చీమతలకాయంత అవుతుంది. అందులోనూ తెలుగు అక్షరానికి కింద వత్తు, పైన గుడి ఉంటాయి కనుక ఇంగ్లీషు అక్షరం పట్టే చోట తెలుగు పంక్తి ఇరుకవుతుంది, పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. పట్టికను విడగొట్టడం తప్ప ఆ డిజైనర్‌కు వేరే దారి ఉండదు. నేను స్లయిడ్‌ను తెర మీద పాతిక శాతానికి తగ్గించి చూస్తాను. అప్పుడు చదవగలిగితే చివరి వరుసకు కూడా అందుతుందని లెక్క.

బ్యాంకు అధికారి విషయం దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన పీడీఎఫ్‌ను తన బల్ల మీద తెరిచి, వెనక్కీ ముందుకీ తిప్పుతూ అంకెలు సరిచూసుకుంటారు. ఆయనకు ఆ పట్టిక ఒకేచోట ఉండాలి, మూడు ముక్కలైతే విసుగు. అంటే మీరు బ్రీఫ్‌లో "రైతులు, బ్యాంకు అధికారులు" అని ఒక కామాతో కలిపి రాసినది నిజానికి రెండు వేర్వేరు పనులు. మీ వివాదానికి మూలం స్లయిడ్ల అంకెలో కంటే ఆ కామాలోనే ఉన్నదని నాకు అనిపిస్తోంది.

సొమ్ము సంగతి నా లెక్కలో ఇలా ఉంటుంది. పట్టికను విడగొట్టడం డిజైనర్ తన పనిలో భాగంగా తీసుకున్న నిర్ణయం, ఆ రెండింటికీ అడగకూడదు. ఫొటోల స్లయిడ్లు మూడూ ఒకే అమరికలో ఉంటే సగం ధర న్యాయం. బ్యాంకు లెక్కలు పని మొదలైన తరువాత వచ్చిన కొత్త పాఠం, మూడింటికీ పూర్తి ధర ఇవ్వాలి. మొత్తం నాలుగున్నర స్లయిడ్ల ధర అవుతుంది.

నెల్లూరు ప్రెస్సు

బ్యాంకు అధికారుల పేరు మొదటి రోజే బ్రీఫ్‌లో ఉంది కదండీ. అది చూసి "బ్యాంకుకు ఏమి చూపించాలి?" అని అడగడం డిజైనర్ బాధ్యత కాదా? అడగకుండా ఒప్పుకున్నందుకు ఆయన నష్టపోవాలి. ఆ మూడింటికి పూర్తి ధర ఇవ్వాలనడాన్ని నేను ఒప్పుకోను. డీపీఐ విషయంలో మీరు చెప్పినది సరే, నాది ముద్రణ అలవాటు.

చీమకుర్తి ఎగుమతిదారు

సంఖ్య గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, నా అనుభవం ఫొటోలతో వచ్చింది. మేము గెలాక్సీ గ్రానైట్ పలకల ఫొటోలను డిజైనర్‌కు వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపాము. ఆ నల్లరాతికి విలువ తెచ్చేది అందులో మెరిసే బంగారు రంగు చుక్కలే. వాట్సాప్ ఫొటోను కుదించినప్పుడు సన్న చుక్కలు నలుపులో కలిసిపోయి, స్లయిడ్ మీద అది ఏ ఊరి నల్లరాయో తెలియకుండా పోయింది. కొనుగోలుదారు "ఇది వేరే రకమా?" అని అడిగేంతవరకూ మాకు తట్టలేదు. ఇప్పుడు కెమెరాలోని అసలు ఫైళ్లను డ్రైవ్‌లో పెడుతున్నాము, తొందరగా పంపవలసి వస్తే వాట్సాప్‌లోనే "డాక్యుమెంట్"గా పంపుతున్నాము. హేచరీ గారు కూడా లోగోను వాట్సాప్‌లోనే పంపారేమో చూసుకోండి.

కందుకూరు మాస్టారు

నేను క్లాసులకు పవర్‌పాయింట్ స్వయంగా చేసుకుంటాను. నిమిషానికి ఒక స్లయిడ్ చొప్పున లెక్క వేసుకుంటే సరిపోతుంది, దీనికి డిజైనర్ ఎందుకో నాకు అర్థం కాలేదు.

కావలి హేచరీ

మాస్టారూ, చేసుకోవడం వస్తే ఇంత దూరం వచ్చేవాళ్లము కాదు.

చీమకుర్తి వారు అన్నది నిజమే, లోగో వాట్సాప్‌లోనే పంపాము. అదీ విజిటింగ్ కార్డును ఫోనుతో తీసిన ఫొటో. ఇంకొక ఇబ్బంది కూడా జరిగింది, అది ఎవరి తప్పో తెలియక ఇంతవరకు చెప్పలేదు. 18వ తేదీ ఉదయం కల్యాణ మండపంలోని ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచేసరికి తెలుగు శీర్షికలన్నీ అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అయ్యాయి. కింది పాఠం మాత్రం బాగానే ఉంది. తెరకు పైనా కిందా నల్లపట్టీలు కూడా వచ్చాయి.

ఒంగోలు డిజైనర్

శీర్షికలు అను ఫాంట్లలో, పాఠం యూనికోడ్‌లో చేసి ఉంటారు. మన జిల్లాల్లో ముద్రణ పని నుంచి వచ్చినవారికి అది అలవాటు. అను ఫాంటు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను పెడుతుంది కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో లోపలి అక్షరాలు బయటపడతాయి. యూనికోడ్‌లో ఫాంటు లేకపోయినా మరో తెలుగు ఫాంటు వచ్చి ఆదుకుంటుంది, అందం తగ్గుతుందేమో గానీ అర్థం పోదు. `Noto Sans Telugu` లాంటి ఉచిత ఫాంటు వాడి, విండోస్ పవర్‌పాయింట్‌లో `File > Options > Save` లోకి వెళ్లి `Embed fonts in the file` ఎంచుకుంటే ఫాంటు ఫైలుతోనే ప్రయాణిస్తుంది. కొన్ని ఫాంట్లకు ఆ అనుమతి ఉండదు, అందుకని నేను ప్రతి పనికీ ఒక పీడీఎఫ్ కూడా ఇస్తాను.

నల్లపట్టీలు ప్రొజెక్టరు పాతది కావడం వల్ల వచ్చి ఉంటాయి. పాత ప్రొజెక్టర్లు ఎక్కువగా 4:3 కొలతలో ఉంటాయి, మీ ఫైలు 16:9. బొమ్మ తెర వెడల్పుకు సరిపోయేలా తగ్గి, పైనా కిందా ఖాళీ మిగులుతుంది, అక్షరం కూడా ఆ మేరకు చిన్నదవుతుంది.

తప్పు ఎవరిదంటారా? ఫాంటు విషయంలో డిజైనర్‌దే ఎక్కువ. అయితే ఫైలును ఎక్కడ, ఎవరి ల్యాప్‌టాప్‌లో తెరుస్తారో బ్రీఫ్‌లో ఒక్క పంక్తి ఉంటే ఆయన ముందే జాగ్రత్తపడేవారు.

నెల్లూరు ప్రెస్సు

గడువు సంగతి ఎవరూ ఎత్తలేదు. 18వ తేదీ సమావేశమా, ఫైలు అందవలసిన రోజా?

కావలి హేచరీ

సమావేశమే 18న. ఆయన 17వ తేదీ రాత్రి పదకొండింటికి పంపారు, ఆయన లెక్కలో గడువులోపలే ఇచ్చారు. మేము ఇచ్చిన పాఠం కూడా పూర్తిగా 15న గానీ ఆయనకు చేరలేదు, అది మా ఆలస్యమే.

ఇక్కడ చెప్పినవన్నీ చూసి తరువాతి పనికి బ్రీఫ్ ఇలా రాశాను, సరిచూడగలరు.

"చూసేవారు: సుమారు 200 మంది రొయ్య రైతులు, కల్యాణ మండపంలో, పాత 4:3 ప్రొజెక్టరు మీద, మండపం వారి ల్యాప్‌టాప్‌లో. బ్యాంకుకు ఇచ్చే పీడీఎఫ్ వేరే పని, దానికి ధర విడిగా మాట్లాడుకుందాము. స్లయిడ్లు 14 నుంచి 18. వాటిలో కొత్తగా గీయవలసినవి 4, మిగిలినవి మూడు అమరికల్లోనే. పట్టిక విడగొడితే అదనపు సొమ్ము లేదు, పాఠం ఖరారయ్యాక మేము కొత్త విషయం చేరిస్తే ఉంది. లోగో: ప్రెస్సు నుంచి తెచ్చిన కోరెల్‌డ్రా ఫైలు, దాని పీడీఎఫ్. తెలుగు అంతా యూనికోడ్‌లోనే. మా పాఠం 5న ఇస్తాము, మొదటి నమూనా 9న, రెండు విడతల సవరణలు, తుది ఫైలు 13న, సమావేశం 15న."

ఒంగోలు డిజైనర్

ఒక్క సవరణ చేయండి. "మా పాఠం 5న ఇస్తాము" దగ్గర, మీరు ఎన్ని రోజులు ఆలస్యం చేస్తే తరువాతి తేదీలు అన్ని రోజులు జరుగుతాయని చేర్చండి. సమావేశం తేదీ జరగదు కాబట్టి, అప్పుడు సవరణల విడత ఒకటి తగ్గుతుందని కూడా ముందే రాసుకోవడం మంచిది.

నెల్లూరు ప్రెస్సు

కోరెల్‌డ్రా ఫైలు అడిగేటప్పుడు అక్షరాలను కర్వులుగా మార్చి ఇమ్మనండి, లేకపోతే లోగోలోనూ అదే ఫాంటు గోల వస్తుంది. ముద్రణ రంగులు తెర మీద వేరుగా కనిపిస్తాయి, లోగో రంగు కోడును తెరకు సరిపోయేలా విడిగా తీసుకోండి. బ్యాంకు స్లయిడ్ల విషయంలో మాత్రం నా మాట మారలేదు.

కావలి హేచరీ

రెండూ చేర్చాను. పాత బాకీ మాట కూడా చెబుతాను. నాలుగున్నర స్లయిడ్ల లెక్క మా భాగస్వామికి చూపించాను. ఫొటోలకు ఒకటిన్నర ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు. బ్యాంకు మూడింటి దగ్గర మాత్రం ప్రెస్సు గారి మాటనే పట్టుకుని కూర్చున్నారు. డిజైనర్ గారితో రేపు ఫోనులో మాట్లాడతాను.