ల్యాప్‌టాప్‌కు బాగానే వస్తున్న వైఫై ఫోన్‌లోనే ఎందుకు ఈడుస్తోంది?

దేవరకొండ తమ్ముడు, ఒహాయో

అందరికీ నమస్తే. చదువు కోసం ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. రూటర్ హాల్‌లో ఉంది, నా గది చివర్న ఉంది. ల్యాప్‌టాప్‌లో క్లాసుల వీడియోలు ఎక్కడా ఆగకుండా వస్తాయి. అదే టేబుల్ మీద పక్కనే పెట్టిన ఫోన్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. fast.com లో వేగం చూస్తే ల్యాప్‌టాప్‌కు 240 Mbps, ఫోన్‌కు 9 వచ్చింది.

రోజూ ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి అమ్మకు వీడియో కాల్ చేస్తాను. అక్కడ తెల్లారి ఆరున్నర, పొలానికి వెళ్లేలోపు మాట్లాడాలి. సగం మాటలు తెగిపోతున్నాయి. ఒక సీనియర్ Forget కొట్టి మళ్లీ జాయిన్ అవ్వమన్నాడు. చేస్తే ఆ సాయంత్రం బ్రహ్మాండంగా పనిచేసింది, మర్నాటికి మళ్లీ మొదటికి వచ్చింది. ఫోన్ హైదరాబాద్‌లో కొని ఏడాదే అయింది. కొత్తది కొనాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

కోదాడ అన్న, న్యూజెర్సీ

తమ్ముడూ, ఇండియా ఫోన్‌లకు ఇక్కడి బ్యాండ్‌లు అన్నీ ఉండవు. నేను వచ్చినప్పుడు నా ఫోన్‌దీ అదే పరిస్థితి. బేస్‌మెంట్‌లోకి వెళ్తే సిగ్నలే ఉండేది కాదు. ఇక్కడి ఫోన్ కొన్నాక ఆ బాధ పోయింది. డిస్కౌంట్లు వచ్చేదాకా ఆగి ఒకటి తీసుకో.

మిర్యాలగూడ అక్క, టెక్సస్

తమ్ముడూ, ఇప్పుడే ఫోన్ కొనకు. కోదాడ అన్న చెప్పింది సిమ్ సిగ్నల్ విషయంలో నిజమే. కొన్ని ఇండియా మోడళ్లలో ఇక్కడి కంపెనీలు వాడే బ్యాండ్‌లు ఉండవు. కానీ నీది వైఫై సమస్య. అక్కడ కొన్న ఫోన్ ఇక్కడి వైఫైకి మామూలుగానే కలుస్తుంది. ఫోన్‌లోనే లోపం ఉంటే Forget కొట్టిన సాయంత్రం కూడా బాగా వచ్చేది కాదు కదా.

నాకు రెండు సంగతులు చూసి చెప్పు. ఫోన్ Settings లో Wi-Fi కి వెళ్లి, కనెక్ట్ అయిన పేరు పక్కనున్న గుర్తు నొక్కితే వివరాలు వస్తాయి. అందులో Frequency, Link speed ఎంతున్నాయో చూడు. తర్వాత ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టు:

```
netsh wlan show interfaces
```

అందులో Channel, Receive rate అంకెలు పంపు. రెండూ నీ గదిలో అదే టేబుల్ మీద, అదే సమయంలో చూడాలి. హాల్‌లో ఒకటి, గదిలో ఒకటి చూస్తే పోల్చలేం.

జడ్చర్ల నుంచి ఒక పెద్దాయన

మా అబ్బాయి కూడా అక్కడే ఉంటాడు కాబట్టి ఈ గుంపులో ఉన్నాను. వాడు కాల్ చేసినప్పుడు కూడా బొమ్మ ఆగిపోతుంది. మాకు రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్, మనవరాలు కార్టూన్లు చూసేసరికి సాయంత్రానికి అయిపోతుంది. ఆ అబ్బాయి వాళ్లమ్మ ఫోన్‌లో కూడా డేటా అయిపోతోందేమో, ముందు ఆమెను చూసుకోమనండి.

మిర్యాలగూడ అక్క, టెక్సస్

బాబాయి గారూ, మీ ఇంట్లో జరిగేది అదే కావచ్చు. తమ్ముడికి మాత్రం కాల్‌తో సంబంధం లేకుండా ఫోన్‌లో అన్నీ నిదానంగానే వస్తున్నాయి, fast.com లో కూడా 9 వచ్చింది. అంటే అడ్డం ఇటువైపే ఉంది. మీ అబ్బాయిని ఒకసారి ల్యాప్‌టాప్ నుంచి కాల్ చేయమనండి. అప్పుడు కూడా బొమ్మ ఆగితే మీ వైపు డేటా చూడండి.

దేవరకొండ తమ్ముడు, ఒహాయో

చూశాను అక్కా. ఫోన్‌లో Frequency 2.4 GHz, Link speed 72 Mbps. ల్యాప్‌టాప్‌లో Channel 149, Receive rate 866.7. ఫోన్‌లో వైఫై పేర్ల జాబితా చూస్తే చుట్టుపక్కల ఇళ్లవి ఇరవైకి పైగా కనిపిస్తున్నాయి.

మిర్యాలగూడ అక్క, టెక్సస్

జవాబు ఆ అంకెల్లోనే ఉంది. మీ రూటర్ ఒకే పేరుతో రెండు దారులు ఇస్తోంది, ఒకటి 2.4, ఇంకొకటి 5. ఛానల్ అంకె 1 నుంచి 11 లోపు ఉంటే 2.4, నీ ల్యాప్‌టాప్‌లా 149 ఉంటే 5. పేరు ఒకటే కాబట్టి రెండూ ఒకే వైఫైలో ఉన్నాయనుకున్నావు. నిజానికి అవి వేర్వేరు దారుల్లో ఉన్నాయి.

2.4 అంటే మన సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూములనుకో. గోడలు దాటి దూరం పోతుంది, కానీ దాని మీద తూములు ఎక్కువ. పక్క ఇళ్ల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ అందులోంచే తోడుకుంటాయి. అక్కడ ఒకదానితో ఒకటి తగలకుండా వాడుకోగలిగే ఛానళ్లు మూడే, 1, 6, 11. ఇరవై ఇళ్లు ఆ మూడింటిలో ఇరుక్కున్నాయి. ఫోన్‌లో కనిపించే 72 కూడా ఫోన్‌కు, రూటర్‌కు మధ్య కుదిరిన వేగమే. చుట్టూ ఎవరూ లేకపోయినా అందులో చేతికొచ్చేది నలభై, యాభై. రాత్రి తొమ్మిదికి అందరూ వీడియోలు చూస్తుంటే నీ వంతు 9 అయింది. 5 అంత దూరం పోదు, గోడలకు నీరసిస్తుంది, కానీ ఖాళీగా ఉంటుంది.

ఇక Forget ఎందుకు ఒక్క సాయంత్రమే పనిచేసింది? ఏ దారిలో ఉండాలో చివరికి నిర్ణయించేది రూటర్ కాదు, ఫోనే. రూటర్ మహా అయితే అటు నెడుతుంది. నువ్వు పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ కలిసినప్పుడు ఎక్కడున్నావు? హాల్‌లో రూటర్ దగ్గరే అయి ఉంటావు. అక్కడ 5 బలంగా ఉంది కాబట్టి ఫోన్ దాన్ని పట్టుకుంది. మర్నాడు ఫోన్ జేబులో పెట్టుకుని కిందికి వెళ్లి ఉంటావు. దూరం పోతుంటే 5 సన్నబడింది, ఫోన్ 2.4 కు మారింది. తిరిగొచ్చాక కూడా చాలా ఫోన్లు పట్టిన దారిని ఒక పట్టాన వదలవు, సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి కదా. ల్యాప్‌టాప్ టేబుల్ మీద నుంచి కదలదు, అందుకే దానికి ఈ గొడవ లేదు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, పరీక్షించుకో. ఈసారి నిదానించినప్పుడు Forget కొట్టకుండా, రూటర్ దగ్గర నిలబడి ఫోన్‌లో వైఫై ఆపి మళ్లీ పెట్టు. Frequency 5 GHz కు మారి వేగం వస్తే నేను చెప్పిందే కారణం. Forget నిజంగా అవసరమయ్యేది వేరే చోట. రూటర్ పాస్‌వర్డ్ మార్చినప్పుడు, లేదా ఆ నెట్‌వర్క్‌కు ఎప్పుడో చేత్తో పెట్టిన ఐపీ అడ్రస్, ప్రాక్సీ ఫోన్‌లో మిగిలిపోయినప్పుడు అది వాటిని తుడిచేస్తుంది. అలాంటి రోగానికి Forget కొడితే మర్నాడు తిరిగి రాదు.

శాశ్వతంగా పోవాలంటే రూటర్ యాప్‌లో Smart Connect లేదా Band Steering అని ఉన్నది ఆపి, 5 కు వేరే పేరు పెట్టాలి. పాత పేరు 2.4 కే ఉంచండి, టీవీ, ప్రింటర్ మళ్లీ కలపాల్సిన పని ఉండదు. కానీ ల్యాప్‌టాప్‌ను మాత్రం మర్చిపోకుండా కొత్త పేరుకు కలుపు. లేకపోతే పాత పేరు పట్టుకుని అది కూడా 2.4 లో పడుతుంది. ఫోన్‌ను కొత్త పేరుకు కలిపి, పాత పేరును అప్పుడు Forget కొట్టు. ఇక అది అటు దిగజారడానికి దారి ఉండదు. రూటర్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లను అడిగే చెయ్యి, నలుగురి ఇల్లు అది.

కోదాడ అన్న, న్యూజెర్సీ

అక్కా, మా రూటర్‌లో పేరు చివర 5G అని ఉంటుంది. నా ఫోన్ 4జీదే కాబట్టి అది పట్టదని ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు.

మిర్యాలగూడ అక్క, టెక్సస్

అది సిమ్ 5జీ కాదన్నా, ఇప్పుడు చెప్పిన 5 గిగాహెర్ట్జ్‌కే అలా పేరు పెడతారు. మీ 4జీ ఫోన్‌లో కూడా ఆ వైఫై ఉండే అవకాశమే ఎక్కువ. జాబితాలో ఆ పేరు కనిపిస్తోందంటే పట్టినట్టే, కలపండి.

నాగర్‌కర్నూల్ తమ్ముడు, జర్మనీ

Forget గురించి ఒక్క మాట. యూనివర్సిటీలో eduroam ను తొందరపడి Forget కొట్టకండి. ఇంటి వైఫైలా ఒక పాస్‌వర్డ్‌తో తిరిగి కలవదు, యూజర్ ఐడీ, సర్టిఫికెట్ మళ్లీ పెట్టుకోవాలి. ఆ సెటప్‌కు నెట్ కావాలి, నెట్ కోసమే ఆ సెటప్. మొదటి నెలలో నేను లైబ్రరీలో గంట కూర్చున్నాను.

దానికన్నా పెద్ద దెబ్బ Reset network settings తో తిన్నాను. వైఫై నిదానంగా ఉందని ఎవరో చెబితే నొక్కాను. దాచుకున్న వైఫైలు, బ్లూటూత్ జతలు అన్నీ పోయాయి. కొన్ని ఫోన్లలో అక్కడే eSIM లు కూడా తుడవాలా అని ఒక టిక్ ఉంటుంది. చూసుకోలేదు. ఇండియా నంబర్ eSIM లో ఉండేది, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఇక్కడి నుంచి తిరిగి తెప్పించుకోలేక, మా నాన్న కల్వకుర్తి నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండుసార్లు తిరిగారు. ఆ టిక్ ఉందేమో తప్పకుండా చూడండి.

దేవరకొండ తమ్ముడు, ఒహాయో

అక్కా, నిన్న పరీక్షించాను. లాండ్రీకి కిందికి వెళ్లి వచ్చేసరికి ఫోన్ 2.4 లో ఉంది. హాల్‌లో వైఫై ఆపి పెడితే 5 కు మారింది. Forget కొట్టనే లేదు. రూమ్మేట్‌ను అడిగి ఇద్దరం కూర్చుని పేర్లు విడదీశాం. ఇప్పుడు నా గదిలో తలుపు మూస్తే గీతలు రెండే కనిపిస్తున్నాయి, కానీ fast.com లో 95 వస్తోంది. నిండు గీతలప్పుడు 9, రెండు గీతలప్పుడు 95. ఇన్నాళ్లూ గీతలు చూసి మోసపోయాను.

కింద లాండ్రీలో మాత్రం వైఫై అసలు అందడం లేదు, అక్కడ సిమ్ డేటాయే. అమ్మతో నలభై నిమిషాలు మాట్లాడాను. చెవిలో బ్లూటూత్ పెట్టుకున్నా మాట తెగలేదు.

వనపర్తి చెల్లె, డాలస్

అక్కా, నాది కొంచెం వేరు. ఫోన్ 5 లోనే ఉంది, fast.com లో 180 వస్తుంది. కానీ ఏ పేజీ నొక్కినా నాలుగైదు సెకన్లు ఖాళీగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో అలా లేదు. Forget రెండుసార్లు కొట్టాను, తేడా లేదు.

మిర్యాలగూడ అక్క, టెక్సస్

వేగం ఉండి మొదలవడమే ఆలస్యమైతే, సైట్ పేరును బట్టి దాని అడ్రస్ వెతికే దగ్గర, అంటే DNS దగ్గర ఆగుతోందని నా అనుమానం. Settings లో Private DNS చూడు. ఇండియాలో ఉన్నప్పుడు యాడ్స్ రాకుండా ఏమైనా పెట్టుకున్నావా? అది ఫోన్ మొత్తానికి ఉండే సెట్టింగ్, ఒక వైఫైని Forget కొడితే పోదు. Automatic చేసి చూడు. వీపీఎన్ ఏదైనా ఆన్‌లో ఉంటే అది కూడా ఆపు.

వనపర్తి చెల్లె, డాలస్

అవునక్కా, రెండేళ్ల కింద మా అన్న పెట్టిన పేరు ఒకటి అందులో ఉంది. Automatic చేశాను. చాలా పేజీలు వెంటనే వస్తున్నాయి. బ్యాంకు యాప్ మాత్రం ఇంకా అలాగే ఆగుతోంది, సిమ్ డేటా మీద కూడా ఆగుతోంది. రేపు ఆఫీసు వైఫైలో కూడా చూసి రాస్తాను.