బాండికూట్ మన పందికొక్కేనా?

గోదారిగట్టు: ఇంగ్లీషుకు తెలుగు ఇచ్చిన మాట అనగానే అందరూ బాండికూట్ అంటారు. పందికొక్కు అలా ఎందుకు మారింది?

పాతనిఘంటువు: మొదటి పకారం బకారమైంది. చివరి పొట్టి ఉకారం ఇంగ్లీషు నోట నిలవక జారిపోయింది. ‘క్కు’ పోయి ‘ట్’ ఎందుకొచ్చిందో మాత్రం గట్టి సమాధానం లేదు. యూల్, బర్నెల్ 1886లో తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీన్ని తెలుగు మాటగానే చెప్పింది. పేరులో పంది ఉన్నందుకు తగ్గట్టే, మీద పడి తరిమితే ఈ కొక్కు పందిలా గుర్రుమంటుంది.

సిడ్నీ నుంచి: ఈ వ్యుత్పత్తి తప్పేమోనండి. మా పెరట్లోకి వచ్చే బాండికూట్ ఎలుకే కాదు. మూతి పొడుగ్గా ఉంటుంది, ఆడదానికి పిల్లల్ని పెట్టుకునే సంచి ఉంటుంది. పచ్చికలో గరాటు ఆకారంలో గుంటలు తవ్వి పురుగులు తింటుంది.

పాతనిఘంటువు: మీరు చూసిందీ నిజమే, వ్యుత్పత్తీ నిజమే. మాట ముందు ఇండియాలోని ఇంగ్లీషువాళ్ళ నోట పడింది. 1799లో అన్వేషకుడు జార్జ్ బాస్ ఆస్ట్రేలియా జంతువుకు అదే పేరు వాడాడు. పొడుగు మూతి, నేల తవ్వే గుణం చూసి పెట్టి ఉంటారు. రెండు జంతువులకూ చుట్టరికం లేదు. మనది అచ్చంగా ఎలుక జాతి, కన్నంలో వడ్లు దాచుకుంటుంది. దాని శాస్త్రీయ నామం బాండికోటాలోనూ తెలుగు మాటే ఉంది. ఆస్ట్రేలియాలో బాండికూట్ అన్న మాట క్రియ కూడా అయింది: పైన మొక్క కదలకుండా కిందనుంచి బంగాళాదుంపలు తవ్వి దొంగిలించడాన్ని బాండికూట్ చేయడం అంటారు. చేను పచ్చగానే కనిపిస్తుంది, తవ్వి చూస్తే దుంప ఉండదు.

కోస్తావాడు: అలాగే గోడౌన్ మన గిడ్డంగి, చెరూట్ మన చుట్ట, కాటమరాన్ కూడా మనదే.

పాతనిఘంటువు: కాటమరాన్ తమిళ కట్టుమరం, అంటే కట్టిన దుంగలు. చెరూట్ కూడా తమిళ చురుట్టు నుంచే. మన చుట్ట దానికి తోబుట్టువు, తల్లి కాదు. ఒకే ధాతువు రెండు భాషల్లోనూ ఉన్నప్పుడు, ఇంగ్లీషు మాటలోని అక్షరాలు దేనికి దగ్గరో చూడాలి. చెరూట్‌లో రేఫ ఉంది, చుట్టలో లేదు.

కోస్తావాడు: అదే లెక్కన గోడౌన్‌లో గకారముంది. తమిళం కిడంగు, మనది గిడ్డంగి. అంటే మనదే కదండీ?

పాతనిఘంటువు: ఆ గకారం మీవైపే మొగ్గుతుంది, కానీ అడ్డుగా మలయ్ భాష ఉంది. అక్కడి గుదాంగ్, పోర్చుగీసు గుదావ్ దాటి ఇంగ్లీషుకు చేరింది. మలయ్ దాన్ని తెలుగు రేవుల నుంచి తెచ్చుకుందా, తమిళ రేవుల నుంచా అన్న దగ్గరే పీట ముడి. రెండు తీరాల వర్తకులూ ఆ దీవులకు వెళ్ళేవారు.

గోదారిగట్టు: తమిళ కిడంగుకు ‘కిడ’, అంటే పడి ఉండు, అన్న ధాతువు కనిపిస్తోంది. గిడ్డంగికి తెలుగులో అలాంటి ధాతువు ఎవరైనా చూపగలరా?