పొదుపు సంఘానికి పేరు ఎవరు పెట్టాలి?

కొత్త సభ్యురాలు: మా వీధిలో 12 మందిమి పొదుపు సంఘం పెడుతున్నాం. లీడర్‌గా అనుకుంటున్న అక్క ‘శ్రీ మహాలక్ష్మి’ అంటోంది. మాలో ఇద్దరు ముస్లింలు. తర్వాత సొసైటీగా రిజిస్టర్ చేయాలని కూడా ఉంది. ఏ పేరైతే అందరూ మాదే అనుకుంటారు?

రాయలసీమ కుర్రోడు: ‘మహిళా బ్యాంక్’ అని పెట్టండి. బ్యాంక్ అని బోర్డు చూస్తే జనం డబ్బు విషయంలో భయపడరు.

పాత యానిమేటర్: ఆ పని మాత్రం చేయొద్దు తమ్ముడూ. సహకార బ్యాంకుగా లైసెన్స్ లేని సొసైటీ పేరులో ఆ మాట వాడకూడదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోనే ఉంది, 2021 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ దీని గురించే జనాన్ని హెచ్చరించింది. డిపాజిట్ బీమా కూడా ఉండదు, రేపు ఎవరైనా అడిగితే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

ఇక మహాలక్ష్మి సంగతి. దేవుడి కన్నా ముందు బ్యాంకు లెక్క చూసుకోండి. నేను సంఘాలకి యానిమేటర్‌గా పనిచేసిన ఊళ్ళో ‘శ్రీలక్ష్మి’ పేరుతో మూడు సంఘాలు, మూడింటికీ ఒకే బ్రాంచి. ఒక సంఘం కట్టిన కిస్తీ ఇంకో సంఘం అప్పు ఖాతాలో పడింది, కిస్తీ కట్టినవాళ్ళ పేరే బకాయి జాబితాలో వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు, తెలిసేసరికి సభ్యులంతా లీడర్ డబ్బు తినేసిందనే అనుకుంటున్నారు! చివరికి రసీదు మీద ఖాతా నంబరు చూపిస్తే గొడవ తీరింది. ఆ తర్వాత అందరూ కూర్చుని పేరు మార్చుకుని, మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, సంతకాలు పెట్టి బ్యాంకులో ఇచ్చారు. కాబట్టి ముందు గ్రామ సమాఖ్యలో ఏయే పేర్లున్నాయో చూసుకోండి.

హైదరాబాద్ అమ్మాయి: మా అపార్ట్‌మెంట్ చిట్టీకి అసలు పేరే లేదు, బాగానే నడుస్తోంది. పేరు కన్నా వడ్డీ ఎంతో చెప్పండి?

పాత యానిమేటర్: చిట్టీ వేరమ్మా, ఇది వేరు. వీళ్ళు బ్యాంకు ఖాతా తెరవాలి, అందరి పేరున అప్పు తీసుకోవాలి.

నెల్లూరు వాసి: పేరు సభ్యులే పెట్టాలనేది కూడా అన్నిచోట్లా నిజం కాదు. మా జిల్లాలో సారా ఉద్యమం తర్వాత వచ్చిన ‘పొదుపు లక్ష్మి’ ప్రభుత్వ కార్యక్రమం పేరే, అయినా రోజుకో రూపాయి దాచిన ఆడవాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు. లక్ష్మి అంటే ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు నేను వినలేదు.

పాత యానిమేటర్: అభ్యంతరం ఉన్నా నలుగురిలో చెప్పరు కదండీ. నేనైతే చీటీల మీద పేర్లు రాయించి, చదవడం రానివాళ్ళకి పైకి చదివి వినిపించి, చేతులెత్తించేదాన్ని. లీడర్ చివర్లో ఎత్తాలి, లేదంటే అందరూ ఆమె వైపే చూస్తారు. ఆరు నెలలయ్యాక ఒక్కొక్కరినీ విడిగా ‘మీది ఏ సంఘం’ అని అడగండి. లీడర్ పేరు చెప్పి ‘ఆవిడ సంఘం’ అన్నారా, మీ పేరు బోర్డు మీదే ఉన్నట్టు.

కొత్త సభ్యురాలు: చీటీల పద్ధతి చేస్తాం. కానీ పదిమంది మహాలక్ష్మికే చెయ్యెత్తితే?

నెల్లూరు వాసి: ఎత్తితే అదే పేరు. మెజారిటీ మాట కాదంటే అది సంఘమెట్లా అవుద్ది?

పాత యానిమేటర్: నేను ఒప్పుకోను. ఆ ఇద్దరూ రేపు అప్పుకి సంతకం పెట్టాల్సినవాళ్ళే.