‘వదలండి’ సరా, ‘వదలకండి’ సరా?

ప్రూఫుల పని: బ్యాక్‌గామన్ మీద ఒక తెలుగు వ్యాసానికి ప్రూఫులు దిద్దుతున్నాను. మొదట్లో ‘వెనక గడిని ముందు ఖాళీ చేయండి, ఒంటి కాయను వదలకండి’ అని ఉంది. చివరి ఉదాహరణలో ‘ఇక్కడ ఒంటి కాయను వదలండి’ అని వచ్చింది. ‘క’ ఎగిరిపోయిందా? ఉదాహరణ ఇది: మనకు రెండో గడిలో 2 కాయలు, ఒకటో గడిలో 4. మిగతా 9 బయటికి పోయాయి. అవతలివాడి కాయ ఒకటి దెబ్బ తిని, మళ్ళీ లోపలికి రావాల్సినదిగా బార్ మీద ఉంది, వాడు ఇంకా ఒక్కటీ తీయలేదు. మనకు 6-1 పడింది.

నిమ్మళం: అచ్చుతప్పేనండీ. 6తో రెండో గడిలోంచి ఒకటి తీసి, 1తో రెండోదాన్ని ఒకటో గడికి దింపితే గడి ఖాళీ, భయమూ లేదు. గెలిచిన ఆటలో 36కి 11 సార్లు దెబ్బ తినే కాయను ఎవరైనా చేతులారా వదులుతారా?

కొత్తగా చేరాను: వెనక గడి అంటే ఒకటో గడి కదా? చివర ఉండేది అదే.

నిమ్మళం: కాదమ్మా, ఆరో గడి వైపుది. బయటికి పోవడానికి ఎక్కువ దూరం ఉన్నది వెనకది.

పాచికల పిచ్చి: 11 లెక్క సరిగ్గానే ఉంది, ‘క’ సంగతే తేలలేదు. 6 ఎలాగూ ఒక్కటే రకంగా ఆడాలి. చిక్కంతా 1తో. మీరన్నట్టు దింపితే ఒకటో గడిలో ఐదు కాయలు మిగులుతాయి. డబుల్ పడకపోతే వాటికి మూడు వంతులు పడుతుంది. అదే 1తో ఒకటో గడిలోంచి కాయ తీసేస్తే నాలుగే మిగులుతాయి, రెండు వంతుల్లో అయిపోతాయి. ఒక వంతు లాభం.

ఆ వంతు దేనికంటే, గామన్‌కి, అంటే వాడు ఒక్క కాయా తీయకముందే ముగించి రెండింతలు గెలవడానికి. బార్ మీది కాయ వాడి ఇల్లు చేరాలంటే 19 అడుగులు నడవాలి, ఆపైన ఒక కాయ తీయడానికి ఇంకో పాచిక మిగలాలి. రెండు వంతుల్లో పెద్ద డబుల్ పడితే తప్ప అది జరగదు. మూడు వంతులిస్తే సగానికి పైగా తప్పించుకుంటాడు. నా డబుల్స్ కూడా కలుపుకుంటే, భద్రంగా ఆడినప్పుడు గామన్ వచ్చేది సుమారు సగం సార్లు. ఒంటి కాయను వదిలి, దెబ్బ తప్పితే, పదింట దాదాపు తొమ్మిది.

ఐదు కాయలవాడు: నాకూ ఇలాగే 6-1 పడింది. రెండో గడిలో 2, ఒకటో గడిలో 3. నేను వదల్లేదు, హాయిగా గెలిచాను. కాబట్టి ‘వదలకండి’.

పాచికల పిచ్చి: మీరు ఆడింది సరైనదే అన్నా, కానీ అది వేరే లెక్క. అక్కడ భద్రంగా ఆడితే నాలుగు మిగులుతాయి, వదిలితే మూడు. రెంటికీ రెండేసి వంతులే. వంతు మిగలనప్పుడు షాట్ ఇవ్వడం ఉత్త దండగ. సరిసంఖ్యలో కాయలుండగా ఈ పాచికలు పడితేనే ఆలోచించాలి.

నిమ్మళం: సరే, ఆ 11లో ఒకటి పడితే? ఉన్నదీ పోతుంది.

పాచికల పిచ్చి: పోతుందో లేదో వాడి ఇల్లు చెబుతుంది. మిగతా 14 కాయలూ వాడి ఒకటి, రెండు, మూడు గడుల్లో కుప్ప పడి ఉన్నాయనుకోండి. నా కాయ బార్ మీదికి పోయినా 4, 5, 6ల్లో ఏది పడినా లోపలికి వస్తుంది, అంటే 36కి 27 సార్లు. నాకు 11 బయట ఉన్నాయి, వాడు పదిహేనూ తీయాలి. కొట్టించుకుని కూడా దాదాపు ఎప్పుడూ నేనే గెలుస్తాను. ఆరు గడులూ మూసి ఉంటే మాత్రం, 11 బయట ఉన్నా గెలుపు సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అప్పుడు వదలకూడదు.

ఉజ్జాయింపుగా, డబ్బు ఆటలో దెబ్బ తిన్నాక కూడా నూటికి 83 సార్లు గెలిచేలా ఉంటేనే వదలడం గిట్టుబాటు. మ్యాచ్‌లో నాకు 2 పాయింట్లు, వాడికి 1 కావలసిన, పందెం రెట్టింపు చేయడానికి వీల్లేని క్రాఫర్డ్ ఆటైతే మూడింట రెండు చాలు. ఒక్క పాయింటుతో నా మ్యాచ్ ముగిసేట్టయితే గామన్ ఎందుకు, నిమ్మళం గారి మాటే ఖాయం.

నిమ్మళం: 83 అంటే ఒప్పుకుంటాను. కానీ ఆట మధ్యలో దాన్ని 75 నుంచి వేరుచేసి చూడగలిగేవాళ్ళు ఎందరు? నేనైతే డబ్బు ఆటలో దింపేస్తాను.

పాచికల పిచ్చి: 75 అయితే నేనూ దింపుతాను. కుప్ప పడిన ఇంట్లో అంతకంటే బాగా ఎక్కువే ఉంటుందంటున్నాను. ప్రూఫుల వారూ, బొమ్మలో అవతలివాడి ఇల్లు ఎలా ఉంది?

ప్రూఫుల పని: బొమ్మ మన ఇంటి వరకే కత్తిరించారండీ. స్కోరూ ఇవ్వలేదు. ‘క’ జోలికి పోకుండా, మిగతా సగం బొమ్మ పంపమని రచయితకు రాస్తున్నాను.