బీఎంఐని రెండుగా విడదీస్తే అదనంగా తెలిసేదేమిటి?

ఓరుగల్లువాసి: నా ఎత్తు 170 సెంటీమీటర్లు. రెండు పూటలా అన్నం మానేశాక మూడు నెలల్లో 70 కిలోల నుంచి 64కి తగ్గాను. బీఎంఐ 24.2 నుంచి 22.1కి వచ్చింది. జిమ్ యంత్రం మాత్రం కొవ్వు అప్పుడూ 30 శాతమే, ఇప్పుడూ 30 శాతమే అంటోంది. ఇది మంచి మార్పేనా?

డైటీషియన్: శాతాన్ని కిలోలుగా మార్చి చూడండి. అప్పుడు కొవ్వు 21 కిలోలు, మిగిలిన శరీరం 49. ఇప్పుడు కొవ్వు 19.2, మిగిలినది 44.8. తగ్గిన 6 కిలోల్లో కొవ్వు 1.8 మాత్రమే. వీటిని ఎత్తు వర్గంతో, అంటే 1.7 × 1.7 = 2.89తో భాగిస్తే కొవ్వు సూచిక ఎఫ్ఎంఐ 7.3 నుంచి 6.6కి, కొవ్వు కాని బరువు సూచిక ఎఫ్ఎఫ్ఎంఐ దాదాపు 17 నుంచి 15.5కి దిగినట్టు తెలుస్తుంది. కొవ్వుకంటే కండ ఎక్కువ పోయిందేమోనన్న అనుమానం నాకు ఇక్కడే కలిగింది.

కృష్ణాతీరం: ఎఫ్ఎంఐ అంటే బీఎంఐని కొవ్వు శాతంతో గుణించడమే కదా. ఈ రెండు సూచికలనూ కలిపితే మళ్లీ బీఎంఐ వస్తుంది. కాబట్టి బీఎంఐ పక్కన కొవ్వు శాతం రాసుకుంటే చాలు, కొత్త పేర్లెందుకు?

డైటీషియన్: లెక్క మీరన్నదే. అయితే ఈయన శాతం కదలనే లేదు, బీఎంఐ బాగుపడింది. ఆ రెండింటినే చూసినవారు సంతోషించి ఊరుకుంటారు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి కొలతలే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3, కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1 శాతం. మీ సూత్రంతోనే లెక్కిస్తే ఎఫ్ఎంఐ 4.7, 2.0 వస్తాయి, ఎఫ్ఎఫ్ఎంఐ 17.6, 20.3 వస్తాయి. ఒకరికి కొవ్వు ఎక్కువ ఉండటమే కాదు, కండ వైపు కూడా తక్కువేనని ఈ రెండో జత చెబుతుంది.

గోదారిగట్టు: నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది. కాళ్లు వాచి, వేలితో నొక్కితే గుంట పడే రోజున ఇలాంటి యంత్రమే కండ పెరిగిందని చూపింది. డయాలసిస్ అయ్యాక చూస్తే ఆ పెరుగుదల లేదు. అందుకే నాకు ఈ లెక్కపై నమ్మకం లేదు.

డైటీషియన్: మీ అనుభవం సరైనదే, అమ్మా. కొవ్వు కాని బరువులో నీరు, ఎముక, అవయవాలు అన్నీ ఉంటాయి. అన్నం మానేసినప్పుడు కండలో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దానితోపాటు నీరూ పోతాయి కనుక, ఓరుగల్లువారి 4.2 కిలోలూ కండేనని నేను అనలేను. అదే యంత్రంపై, ఉదయం పరగడుపున, మూత్రవిసర్జన తరువాత వరుసగా కొన్ని రోజులు కొలిచి, వీలైతే ఒకసారి కొవ్వునూ ఎముకనూ మిగిలిన శరీరాన్నీ ఎక్స్-రేలతో విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్‌తో సరిచూసుకోవాలి.

కృష్ణాతీరం: పురుషులకు ఎఫ్ఎఫ్ఎంఐ 17 లోపు ఉంటే తక్కువన్న హద్దును 2015లో యూరప్ నిపుణులు పెట్టారు. అది మనవాళ్లకు యథాతథంగా వర్తిస్తుందని నేను ఒప్పుకోను.

డైటీషియన్: ఆ హద్దు విషయంలో నేనూ పట్టుబట్టను. నేను చూస్తున్నది ఒకే మనిషిలో మూడు నెలల్లో వచ్చిన మార్పును.

ఓరుగల్లువాసి: నేను రెండుసార్లూ సాయంత్రం వ్యాయామం అయ్యాకే కొలుచుకున్నాను. రేపటి నుంచి వారం రోజులు పరగడుపున కొలిచి ఆ అంకెలు ఇక్కడే పెడతాను.