వాలీబాల్‌లో లిబెరో వేళ్లతో ఎత్తిన బాల్‌ని కొడితే తప్పా? సర్వీస్ ఫ్లోటా, జంపా?

గుణుపురం కుర్రాడు: చివరి సెట్ 13-13. అవతలివాడు ఫ్లోట్ సర్వీస్ వేశాడు. వెనక వరసలో బాల్ తీసే మా లిబెరో పరుగున ముందుకొచ్చి వేళ్లతో నెట్ దగ్గరికి ఎత్తాడు, మా స్మాషర్ కొట్టాడు, బాల్ లోపలే పడింది. రిఫరీ పాయింటు వాళ్లకిచ్చాడు. న్యాయమేనా? పైగా మా జంప్ సర్వీసులు మూడు నెట్‌లో పోయాయి, ఫ్లోట్‌కి మారిపోవాలా?

రాయగడ స్మాషర్: రిఫరీ కరెక్టే తమ్ముడూ. లిబెరో వేళ్లతో బాల్ ఎత్తకూడదు, ముంజేతుల మీదే తీయాలి. సర్వీస్ మాత్రం జంప్ మానకండి.

పర్లాకిమిడి మాస్టారు: సగమే నిజం బాబూ. లిబెరో కోర్టులో ఎక్కడైనా వేళ్లు వాడొచ్చు. కానీ నెట్‌కి మూడు మీటర్ల దూరంలో ఉండే గీతకు ముందు నిలబడి వేళ్లతో ఎత్తాడంటే, ఆ బాల్ నెట్‌కన్నా ఎత్తులో ఉండగా మనవాడు అవతలికి కొట్టకూడదు. గీత కూడా ముందు భాగం కిందికే వస్తుంది. అదే చోట చేతుల మీద తీసుంటే తప్పు లేదు, గీత వెనక నుంచి ఎగిరి గాల్లో వేళ్లతో ఎత్తినా లేదు.

ఇది ఫ్లోట్‌కే ఎందుకు జరుగుతుందో చూడు. అరచేతి గట్టి భాగంతో బాల్ నడిమధ్యన కొట్టి చెయ్యి ఆపేస్తే బాల్ తిరగదు, గాలి దాన్ని అటూ ఇటూ ఊపుతుంది, చివర్లో ఒక్కసారిగా దిగిపోతుంది. అది ఊగకముందే అందుకోవాలని లిబెరో ముందుకొస్తాడు, కాలు గీత దాటుతుంది. జంప్ సర్వీస్‌లో బాల్ ముందుకు గిర్రున తిరుగుతూ కిందికి వంగుతుంది. వేగం ఎక్కువే కానీ దారి తెలుస్తుంది కాబట్టి వెనక్కి జరిగి చేతుల మీద తీస్తారు.

బరంపురం అక్క: మాస్టారూ, భుజం నొప్పితో నేను జంప్ మానేసి నాలుగేళ్లు. మా లిబెరో ఫ్లోట్ చాలా బాగా వేస్తుంది, నా బదులు ఆమెతో వేయించొచ్చా?

పర్లాకిమిడి మాస్టారు: కుదరదమ్మా. అమెరికా కాలేజీ ఆటలో ఒప్పుకుంటారు గానీ మనం ఆడే అంతర్జాతీయ రూల్స్‌లో లిబెరో సర్వీస్ చేయకూడదు, బ్లాక్‌కి ఎగరకూడదు. వెనక వరసలో ఎవరి బదులైనా ఎన్నిసార్లయినా రావచ్చు, అది సబ్‌స్టిట్యూషన్ లెక్కలోకి రాదు. ఒకసారి మారాక మళ్లీ మారాలంటే మధ్యలో ఒక ర్యాలీ పూర్తవ్వాలి, అంతే.

రాయగడ స్మాషర్: వేళ్ల సంగతి ఒప్పుకున్నా మాస్టారూ. జంప్ సంగతి ఒప్పుకోను. మంచి రిసీవర్లున్న టీమ్‌కి ఫ్లోట్ వేస్తే బాల్ తిన్నగా స్మాష్‌కి ఎత్తిచ్చే లిఫ్టర్ చేతిలో పడుతుంది, నేనే ఎన్నో చూశాను.

పర్లాకిమిడి మాస్టారు: రిసీవర్ ఒంటి మీదికి వేస్తే అంతే. ఇద్దరి మధ్యకి వెయ్యి, ఎవరు తీయాలో తేల్చుకునేలోపు బాల్ దిగిపోతుంది. 13-13 దగ్గర నెట్‌లో వేసిన సర్వీస్ వాళ్లకి ఊరికే ఇచ్చిన పాయింటు. జంప్ ఎవరికి కుదురుతుందో వాడే వెయ్యాలి, అందరూ కాదు.

గుణుపురం కుర్రాడు: ఆ రోజు మా లిబెరో బూటు ముందు సగానికి గీత సున్నం అంటుకుని ఉంది, మేమే చూసి కూడా గొడవపడ్డాం. రేపటి నుంచి గీతకి అడుగు వెనక తాడు కట్టి ఫ్లోట్లు తీయిస్తాను. జంప్ మాత్రం మా పొడుగాయన ఒక్కడికే ఉంచుతాను.